మెనూ ఫొటో అనువాదం: టోక్యోలో చాలాకాలం వాడాక నా అభిప్రాయం

ఉద్యోగరీత్యా టోక్యోలో ఉంటున్నాను. మాంసం, చేప తినను. అందుకే ఏ హోటల్‌కి వెళ్లినా మెనూను ఫొటో తీసి తెలుగులోకి మార్చుకుని చూస్తాను. వంటకం పేరు ఉన్నదున్నట్టు చెప్పేదైతే ఈ సదుపాయం బాగా పనిచేస్తుంది. ‘యకిజకన’ను ‘కాల్చిన చేప’ అని చూపిస్తే ఇంకేం కావాలి?

చిక్కంతా ముద్దుపేర్లతోనే. ‘కిత్సునె ఉదొన్’ను నాకు ‘నక్క ఉడాన్’ అని చూపించింది. కిత్సునె అంటే నక్కే, ఉదొన్ అంటే లావుపాటి గోధుమ నూడుల్స్. నక్కలకు వేయించిన టోఫు ఇష్టమని జపాన్‌లో ఒక నమ్మకం ఉంది. అందుకే తీపి పులుసులో ఉడికించిన టోఫు ముక్క వేసిన ఉదొన్‌కి ఆ పేరు. మన పులిహోరలో పులి లేనట్టే ఇందులో నక్క లేదు. ‘ఒయకొదొన్’ అయితే ‘తల్లీబిడ్డల గిన్నె’ అయింది. తల్లి కోడి, బిడ్డ గుడ్డు. అవి రెండూ అన్నం మీద వేసిన వంటకమది. ఇలాంటి పేర్లను అనువదించకుండా ఉన్నది ఉన్నట్టు తెలుగు లిపిలో రాసి, పక్కనే ‘కోడి, గుడ్డు, అన్నం’ అని చూపించాలి. వడ్డించేవాళ్లకు చెప్పడానికి పేరు కావాలి, తినాలో వద్దో తేల్చుకోవడానికి వివరణ కావాలి.

లిప్యంతరీకరణ కూడా ఇంగ్లీషు స్పెల్లింగ్ మీదుగా వస్తే చెడిపోతుంది. నాకు వచ్చిన ‘ఉడాన్’ అలాంటిదే. జపనీస్‌లో అచ్చు పొడవు మారితే అర్థం మారుతుంది: ‘బిరు’ భవనం, ‘బీరు’ తాగేది. హ్రస్వ దీర్ఘాలు, ఒ ఓలు, ద డలు విడివిడిగా ఉన్న మన లిపిలో ఆ పలుకు చక్కగా ఒదుగుతుంది. నేరుగా రాసుకుని చదివితే వడ్డించేవాళ్లకు వెంటనే అర్థమవుతోంది.

కెమెరాను కదుపుతూ చూస్తే అక్షరాలు మారిపోతుంటాయి, కాబట్టి ఫొటో తీసి ఆపి చూడటమే మంచిది. గోడకు వేలాడే చేతిరాత పట్టీల్లో అక్షరాలు నిలువుగా ఉంటాయి. వాటిలో ఒక్కొక్క పట్టీని విడిగా కత్తిరించి ఇస్తే పొరపాట్లు తగ్గుతాయి.

శాకాహారులకు ఇంకో ముఖ్యమైన మాట. అనువాదం ఎంత సరిగ్గా ఉన్నా మెనూలో రాయనిది ఫొటోలోకి రాదు. ‘యసై ఇతమె’ అంటే ‘వేయించిన కూరగాయలు’ అనడం తప్పు కాదు, కానీ చాలాచోట్ల అందులో పంది మాంసం ఉంటుంది. కిత్సునె ఉదొన్‌లో కనిపించేది టోఫూయే అయినా, దాని రసం మాత్రం సాధారణంగా ఎండు చేపతో కాచిన ‘దషి’. అందుకే “సకన నొ దషి దెసు క?” అని అడుగుతాను, చేపతో చేసిన రసమా అని. ‘హియయక్కొ’ అనే చల్లని టోఫు మీద కూడా తరచుగా ఎండు చేప తురుము చల్లి తెస్తారు. ఆర్డర్ ఇచ్చేటప్పుడే “కత్సుఒబుషి నషి దె” అంటే తురుము లేకుండా ఇస్తారు.