స్టాండింగ్ సీమ్ రేకు కప్పు: కొన్న టెక్స్‌చర్ పక్కన పెట్టి, మడత మడతగా కట్టి వాడాక నా మాట

హైదరాబాద్‌లో కూర్చుని అమెరికా ఇళ్లకి బయటి రెండర్లు చేసే పని మాది. కొలరాడో లాంటి మంచు ప్రాంతాల ఇళ్లకి వాలు కప్పు, దాని మీద చూరు నుంచి పైదాకా నిలువుగా సాగే మడతల రేకు తరచూ వస్తుంది. బ్లెండర్ అంటే ఏంటో, మాడిఫయర్లు ఎక్కడుంటాయో మీకు తెలుసనే అనుకుంటున్నా. ఇది సాఫ్ట్‌వేర్ మీద రివ్యూ కాదు. ఒక్క కప్పు గురించి, దాన్ని రెండు రకాలుగా చేసి చూసిన అనుభవం గురించి.

మొదటి రకం టెక్స్‌చర్. డబ్బులిచ్చే కొన్నాం. రంగు, బంప్, రఫ్‌నెస్ మ్యాపులన్నీ ఉన్న సెట్టు. వచ్చిన కొత్తలో నేనే అందరికీ చెప్పాను, తీసుకోండి, బాగుందని. వాలు మీద పరిచేస్తే రెండు నిమిషాల్లో కప్పు తయారు. ఆ మాట పూర్తిగా వెనక్కి తీసుకోను గానీ, దానికి కొన్ని షరతులున్నాయని ఇప్పుడు చెప్పాలి. ఆ సెట్టు శాంపిల్ బొమ్మలన్నీ మిట్టమధ్యాహ్నం ఎండలో, ఎదురుగా నిలబడి తీసినవే. అదెందుకో ఒక ఇల్లు చేస్తుంటే బోధపడింది.

ఆ ఇంటి చూరు పొడవు 38 అడుగులు, వాలు అడ్డంగా 12 అంగుళాలకి 8 అంగుళాల ఎత్తు, రేకు ఒక్కోటి 16 అంగుళాల వెడల్పు, మడత ఎత్తు అంగుళంన్నర. 36 అంగుళాల వెడల్పున్న ఇటుక చిమ్నీ కప్పులోంచి పైకి వస్తుంది. ఆర్కిటెక్ట్ అడిగింది సాయంత్రపు వాలు ఎండ, కెమెరా చూరు మూలకి దగ్గరగా, కిందినుంచి పైకి. ఆమె వెనక్కి పంపిన బొమ్మలో మూడు ఎర్ర సున్నాలు, కింద ఒకే వాక్యం: ఇది కట్టిన కప్పులా లేదు, రంగు వేసిన కప్పులా ఉంది.

మొదటి సున్నా చూరు అంచు మీద. రేకు మీద మడతలు ఉబ్బెత్తుగా కనిపిస్తున్నాయి గానీ, అంచు దగ్గర ఆకాశానికి ఎదురుగా చూస్తే కత్తితో కోసినట్టు తిన్నటి గీత. అంగుళంన్నర మడతలు ఇరవై ఎనిమిది పైచిలుకు ఉండాల్సిన చోట ఒక్క బుడిపె లేదు. బంప్ మ్యాప్ వెలుగు ఎటు తిరగాలో చెబుతుందే తప్ప ఉపరితలాన్ని కదపదు, కాబట్టి అంచు రూపం మారదు. రెండోది చిమ్నీ నీడ. వాలు ఎండలో ఆ నీడ కప్పు మీద అడ్డంగా పడినప్పుడు ప్రతి మడత దగ్గరా ఎక్కి దిగాలి, మెట్టు మెట్టుగా విరగాలి. మాది గోడకి కాగితం అంటించినట్టు తిన్నగా పోయింది. బంప్ పెంచితే సరిపోతుందని మా కుర్రాడు `Strength` లాగి చూశాడు. మడతలు నల్లబడ్డాయి గానీ నీడ విరగలేదు.

మూడో సున్నానే నాకు ఎక్కువ నచ్చింది, అది పెట్టిన మనిషికి పని తెలుసు. కుడి చివర ఆఖరి రేకు. టెక్స్‌చర్ ఎడమ మూల నుంచి మొదలై కుడివైపు ఎక్కడ ఆగితే అక్కడ తెగిపోయింది. 38 అడుగులంటే 456 అంగుళాలు. 16 చొప్పున 28 రేకులు పోగా 8 అంగుళాల ముక్క మిగులుతుంది. ఎడమ చివర నిండు రేకు, కుడి చివర సన్నటి ముక్క. పనివాళ్లు సాధారణంగా అలా వదలరు. 27 నిండు రేకులు మధ్యకి సర్ది, మిగిలిన 24 అంగుళాలని చెరో చివర 12గా పంచుతారు. ఆ లెక్క లేని కప్పుని ఎంత మంచి రంగులో చూపించినా పరిచిన టైల్‌లాగే ఉంటుంది.

ఆ తర్వాత నుంచి వాడుతున్నది రెండో రకం. ముందు కప్పుని మాటల్లో రాసుకుంటాను, తర్వాతే మోడల్. మా దగ్గర దీన్ని కప్పు చీటీ అంటాం. ‘ముదురు బూడిద రంగు స్టాండింగ్ సీమ్’ అని రాస్తే చేసేవాడికి అందేది రంగు, గీతలు, అంతే. అందుకే చీటీలో ఉపరితలం గురించి ఒక్క వాక్యం, మిగతాదంతా అంచుల గురించి. రేకు ఎక్కడ ఆగుతుంది, దేని మీదకి మడుస్తుంది, పైనుంచి వచ్చే నీళ్లు దేని మీదనుంచి దేని మీదకి దిగుతాయి. ఆ ఇంటి చీటీలో చూరు గురించి ఇలా ఉంది:

“చూరు పలక మీద ముందు డ్రిప్ ఎడ్జ్, అంటే నీళ్లు పలకకి తగలకుండా జార్చే అంచు రేకు. రేకు దాన్ని దాటి కొద్దిగా ముందుకొచ్చి, కిందికి మడిచి, దాని పెదవికి లోపలివైపు పట్టుకోవాలి. అంచు రెండు పొరల మందంగా కనిపించాలి. మడత చివర బోలుగా తెరుచుకుని ఉండకూడదు, నాలుక మడిచి మూయాలి. దాని కింద గట్టర్ వెనక అంచు, డ్రిప్ ఎడ్జ్ లోపలికి.”

ఇంత రాశాక మోడల్ చేయడం పెద్ద పని కాదు. ఒక రేకు, దాని పక్కన ఒక మడత గీసి, `Array`లో `Constant Offset` 16 అంగుళాలు, `Count` 27. చివరి రెండు రేకులు విడిగా. అసలు రేకు మందం 24 గేజ్, అంటే సుమారు 0.6 మిల్లీమీటర్లు. అంత పల్చటి అంచు మీద వెలుగు నిలవదు. అందుకే చూరు మడత దగ్గర మందం 3 మిల్లీమీటర్లు చేస్తాను, వంపుల మీద `Bevel` 2 మిల్లీమీటర్లు. దానికి ముందు `Ctrl+A` కొట్టి స్కేల్ అప్లై చేయకపోతే బెవెల్ ఒకవైపు లావుగా, ఇంకోవైపు సన్నగా వస్తుంది. రంగు వేసిన రేకుకి `Metallic` సున్నాలోనే ఉంచండి. పైనున్నది పెయింటు పొర, లోహం దాని కింద. చాలామంది ఇక్కడ 1 పెట్టి, కప్పు స్టీలు గిన్నెలా మెరుస్తోందేంటని తల పట్టుకుంటారు.

ఇంకోటి, మన వైపు షెడ్ల మీద చూసే రేకుకి పైనుంచి స్క్రూలు, వాషర్లు కనిపిస్తాయి. ఆ అలవాటుతో స్టాండింగ్ సీమ్ మీద కూడా స్క్రూ తలలు పెట్టేవాళ్లున్నారు. ఇందులో పట్టుకునే క్లిప్పులు మడత లోపల దాగి ఉంటాయి. రేకు చదును భాగం మీద ఒక్క స్క్రూ కనిపించినా తెలిసినవాడు పట్టేస్తాడు.

నన్ను నిజంగా ఆశ్చర్యపరిచింది మాత్రం వేరే విషయం. పల్చటి రేకు ఎప్పుడూ అద్దంలా చదునుగా ఉండదు, పొడవునా చిన్న అలలు ఉంటాయి. అమెరికాలో కప్పులు వేసేవాళ్లు దీన్ని ఆయిల్ క్యానింగ్ అంటారు. నోయిజ్ బంప్‌తో ఆ అల తెప్పించవచ్చు గానీ, `Array`లో పుట్టిన రేకులన్నీ ఒకే ఆబ్జెక్ట్ కాబట్టి `Object Info`లోని `Random` అన్నిటికీ ఒకే విలువ ఇస్తుంది. ఒక్కో రేకునీ విడగొట్టాలేమో అనుకుని నీరసపడ్డాను. సైకిల్స్‌లో షేడర్ వైపు `Geometry` నోడ్‌లో `Random Per Island` ఉంది, అది ఒకదానితో ఒకటి అతకని ప్రతి ముక్కకీ వేరే అంకె ఇస్తుంది. `Array`లో `Merge` తీసేసి, ఆ అంకెతో నోయిజ్‌ని జరిపాను. ఇరవై తొమ్మిది రేకులూ దేని అల దానిదే. ఆకాశం ప్రతిబింబం ఒక రేకులో కాస్త కిందికి, పక్కదాంట్లో కాస్త పైకి విరిగింది. అంతవరకూ ప్లాస్టిక్‌లా ఉన్న కప్పు ఆ ఒక్క మార్పుతో రేకు అయింది. కానీ ఆ బంప్ చాలా తక్కువగా ఉండాలి. చూడగానే అల కనిపించిందంటే ఎక్కువైనట్టే, అసలు ఇళ్లలో దాని మీద ఓనర్లు ఫిర్యాదు చేస్తారు.

చిమ్నీ దగ్గర చీటీ నిజంగా పనికొస్తుంది. టెక్స్‌చర్‌తో మడతలు నేరుగా ఇటుకలోకి దూరిపోతాయి, అంతే. కట్టినట్టు ఉండాలంటే నీళ్లు దూరకుండా చిమ్నీ చుట్టూ వేసే ఫ్లాషింగ్ కింది వైపు రేకుల పైకి రావాలి, పై వైపుది రేకుల కిందికి పోవాలి. పక్కల ఇటుక మీద పైకి లేచిన రేకుని కప్పుతూ ఇంకో రేకు, దాని పై అంచు సున్నపు గీతలోకి దూరి ఉండాలి. వెడల్పు 30 అంగుళాలు దాటిన చిమ్నీకి వెనకవైపు క్రికెట్ అని చిన్న వాలు గుడారం కట్టాలని అక్కడి ఇళ్ల కోడ్‌లోనే ఉంది, రెండు వాలులు పైన కలిసే రిడ్జ్‌ని కోసుకుంటూ వచ్చే చిమ్నీలకి తప్ప. మాది 36, రిడ్జ్‌కి దూరం. క్రికెట్ పెట్టాం. కెమెరాకి దాని కొస మాత్రమే కనిపించింది. అయినా పెట్టినందుకు ఆర్కిటెక్ట్ థాంక్స్ చెప్పింది.

ఇక గట్టర్. దారి గీసి, కర్వ్ `Bevel`లో `Object`గా కె ఆకారపు ప్రొఫైల్ ఇస్తే క్షణంలో వస్తుంది. చివర మూత, పట్టే హ్యాంగర్లు రెండడుగులకొకటి, డౌన్‌పైప్ మోచేతి వంపు విడిగా పెట్టుకోవాలి. మంచు జారే ఇళ్లలో గట్టర్ బయటి పెదవి కప్పు వాలు గీతకి కింద ఉండాలి, లేకపోతే జారే మంచు దాన్ని ఊడ్చుకుపోతుంది. రెండర్లో ఆ చిన్న సందులో పడే నీడే చూరుని గోడ నుంచి విడదీసి చూపిస్తుంది. పది అడుగులకి పావు అంగుళం చొప్పున వాలు కూడా ఇచ్చాను, 38 అడుగులకి దాదాపు అంగుళం. మా కుర్రాడు చూసి, “అన్నా, గట్టర్ వంకర పోయిందేంటి?” అన్నాడు. తర్వాత ఇంకో క్లయింటు కూడా అదే అడిగాడు. అందుకని ఇప్పుడు మధ్యలోంచి రెండు వైపులకీ అరంగుళం చొప్పున దించుతున్నా. నీళ్లు పోతాయి, కంటికీ తగలదు.

ఇంత మెచ్చుకున్నాక ఒక మాట చెప్పకపోతే అన్యాయం. దూరం నుంచి, డ్రోన్ ఎత్తులో తీసే యానిమేషన్లకి కట్టిన మడతలు కొంప ముంచుతాయి. మడత వెడల్పు ఒక పిక్సెల్ కంటే సన్నబడితే కెమెరా కదిలిన ప్రతిసారీ గీతలు మిణుకుమంటాయి. శాంపిల్స్ పెంచితే తగ్గుతుంది గానీ రాత్రంతా కూర్చోవాలి. అలాంటి షాట్లకి ఆ పాత టెక్స్‌చరే వేస్తున్నా, అక్కడ అది హాయిగా పనిచేస్తుంది. రేకు రేకుకి గీత కలిసేలా యూవీ మాత్రం మధ్య నుంచి సర్దుకోండి.

నా దగ్గరున్నది 8 జీబీ గ్రాఫిక్స్ కార్డు, పని ఎక్కువగా ఒంటరి ఇళ్లు, క్లయింట్లు కట్టడం తెలిసిన ఆర్కిటెక్టులు. ఇక్కడి అపార్ట్‌మెంట్ ఎలివేషన్లు చేసేవాళ్లకి ఇంత శ్రమ దండగ కావచ్చు. నాకైనా రెండు వాలులు మాత్రమే ఉన్న కప్పుల మీదే ఇది సుఖంగా సాగుతుంది. నాలుగైదు వాలులు ఒకదాంట్లోకి ఒకటి దూరే ఇంట్లో, వాలులు కలిసే లోయ దగ్గర ప్రతి రేకునీ ఏటవాలుగా కోసి, లోయ రేకు అంచుకి తగిలించేలా మడవాలి. `Boolean` కోస్తుంది గానీ మడవదు. ఆ కప్పులకి కెమెరాకి కనిపించే లోయ ఒక్కటే చేత్తో చేసి, వెనక వాలులు వదిలేస్తున్నా.