గోడ పగులుకు టెల్‌టేల్ గేజ్: మూడేళ్లు వాడాక నా అనుభవం

నల్గొండ జిల్లాలో ఎర్ర చెల్కలే ఎక్కువ గానీ, మా ఊళ్లో తాత కట్టిన ఇల్లు నల్లరేగడి మీద ఉంది. రాతి గోడలు, మట్టి అడుసు, పైన సున్నం పూత. పడమటి గోడలో కిటికీ పై మూల నుంచి ఏటవాలుగా ఒక పగులు. దాన్ని చూసి మేస్త్రీ ఒకటే మాట అన్నాడు: "కూలగొట్టి కట్టుడే మంచిదన్నా." అంతకు ముందు ఎండాకాలంలో ఒకసారి సిమెంటు కూడా పెట్టించాం. వానలు పడ్డాక దాని అంచుల్లో పూత పొంగి రాలింది. మళ్లీ ఎండాకాలం వచ్చేసరికి బెత్తెడు పక్కన కొత్త పగులు తేలింది.

అందుకే ఈసారి ముట్టుకోకుండా కొలుద్దామనుకున్నాను. 2022 జూన్ 5న పగులు పైభాగంలో ఒకటి, కిందిభాగంలో ఒకటి, రెండు టెల్‌టేల్ గేజ్‌లు అతికించాను. ఇందులో ఒకదానిమీద ఒకటి జారే రెండు పారదర్శకమైన ప్లాస్టిక్ పలకలుంటాయి. ఒకదాని మీద మిల్లీమీటర్ల గళ్లు, ఇంకోదాని మీద ఎర్రటి కూడలి గీత. పగులుకు అటొకటి ఇటొకటి అతికిస్తే, గోడ కదిలిన కొద్దీ గీత గళ్ల మీద జరుగుతుంది. పాత మేస్త్రీలు అద్దం ముక్క అతికించేవారు. అది పగిలితే గోడ కదిలిందని తెలుస్తుంది, కానీ ఎంత కదిలిందో, మళ్లీ వెనక్కి వచ్చిందో లేదో తెలియదు.

గేజ్‌తో అర మిల్లీమీటరు వరకు అంచనా కట్టొచ్చు, అంతకంటే సన్నంగా చూడలేం. అందుకే పై గేజ్ పక్కనే పగులుకు అటూ ఇటూ రెండు స్క్రూలు రాతిలోకి బిగించి, వాటి మధ్య దూరాన్ని వెర్నియర్ కాలిపర్‌తో కొలిచేవాణ్ణి. ఆ స్క్రూలే నన్ను కాపాడాయి. 2023 మార్చిలో పై గేజ్ ఒక్క వారంలో రెండు మిల్లీమీటర్లు జరిగినట్టు చూపింది. టెన్షన్ పడ్డాను. కాలిపర్ పెడితే మాత్రం తేడా లేదు. పలకను వేలితో తడితే డొల్లగా మోగింది. జిగురు రాయిని కాదు, పాత సున్నం పొరల్ని పట్టుకుంది, ఆ పొర ఊడింది. రాయి తేలేదాకా గీకి మళ్లీ అతికించాను, పుస్తకంలో ఆ గేజ్‌కు ఆ రోజు నుంచి కొత్త సున్నా రాసుకున్నాను. మీరు అతికిస్తే ముందే గీకండి.

ఇంకో సంగతి, చదివే వేళ మార్చకూడదు. పడమటి గోడ కదా, పొద్దున ఏడింటికీ మధ్యాహ్నం మూడింటికీ కొలిస్తే కాలిపర్‌లో 0.2 మిల్లీమీటర్ల తేడా వచ్చింది. అది ఎండ వేడి. నెలకు రెండు ఆదివారాలు, పొద్దున ఏడింటికే, గేజ్‌కు ఎదురుగా కన్ను పెట్టి చదివేవాణ్ణి. పక్కన నుంచి చూస్తే గీత జరిగినట్టే కనిపిస్తుంది.

అసలు విషయం చెప్పింది లాగ్‌బుక్కే. తేదీ, మొదటి రోజుతో పోలిస్తే కాలిపర్‌లో వచ్చిన తేడా మిల్లీమీటర్లలో, పక్కన ఒక ముక్క. మైనస్ అంటే పగులు మూసుకుంది, ప్లస్ అంటే తెరుచుకుంది. 2022 సెప్టెంబర్ 25: "−1.1. వారమంతా వాన. చూరు నీళ్లు మూలలోనే పడుతున్నాయి." 2023 మే 28: "+0.2. మూల దగ్గర నేల నెర్రెలు, చెయ్యి దూరుతోంది." అంటే గోడ కూలిపోవడం లేదు, రేగడితో పాటు ఊపిరి పీల్చి వదులుతోంది. ఎండకు మూల కింద నేల కుంగి పగులు తెరుచుకుంటోంది, వానకు ఉబ్బి మూసుకుంటోంది. పైన ఇంత కదులుతుంటే కింది గేజ్ అర మిల్లీమీటరు కూడా దాటలేదు, కాబట్టి మూల బయటికి ఒరుగుతోందని అర్థమైంది. సిమెంటు ఎందుకు ఓడిందో కూడా అప్పుడే తెలిసింది. పగులు బాగా తెరుచుకున్న రోజుల్లో గట్టి ముద్ద కూరితే, వానాకాలంలో అది మూసుకోవడానికి చోటు లేదు. ఒక్క వానాకాలం చూసి తేల్చుకుని ఉంటే పగులు మానిపోతోందనుకునేవాణ్ణి. ఏడాది చుట్టు పూర్తి కావాల్సిందే.

2023 జూన్‌లో చూరుకు నీళ్ల దోనె కట్టించి, గోడ వెంట మూడడుగుల వెడల్పున బయటికి వాలుగా షాబాద్ బండలు పరిపించాను. ఆ సెప్టెంబర్‌లో −0.5, 2024 మేలో మళ్లీ +0.2. ఊపు 1.3 నుంచి 0.7కి దిగింది, కొత్తగా వెడల్పు పెరగలేదు. అప్పుడు గానీ పగులు పూడ్చడానికి ఒప్పుకోలేదు నేను. డిసెంబర్‌లో, పగులు నడిమధ్య వెడల్పులో ఉన్నప్పుడు, రాలిన మట్టి ఊడ్చి, తడిపి, సున్నం ఇసుక ముద్ద పెట్టించాం.

అయితే గేజ్ ఎంత, ఎప్పుడు అన్నదే చెబుతుంది. ఎందుకన్నది మీరే చుట్టూ తిరిగి వెతుక్కోవాలి. గోడ కళ్లకు కనిపించేలా ఒరిగినా, దూలం కొన గోడలోంచి జారుతున్నా, వారం వారం అంకె ఒకే వైపు పెరుగుతున్నా, పుస్తకం పక్కన పెట్టి ఆ గదిలోంచి మనుషుల్ని బయటికి తెచ్చి ఇంజనీర్‌ను పిలవాలి.

2025 మేలో సున్నం మీద వెంట్రుకంత గీత వచ్చింది, పక్కన కొత్త పగులు లేదు. గేజ్‌లు తీసేశాను, స్క్రూలు అలాగే ఉంచాను.