తత్త్వమసి: శంకరుల పాఠం, మధ్వుల పాఠం

ఛాందోగ్యోపనిషత్తు ఆరో అధ్యాయంలో ఉద్దాలకుడు కొడుకు శ్వేతకేతువుకు తొమ్మిదిసార్లు చెప్పిన మాట ఇది. శంకరులు ‘ఆత్మా, తత్ త్వమసి’ అని విడదీసి, జగత్తుకు మూలమైన ఆ సత్తే నీవు అంటారు. మట్టిముద్ద తెలిస్తే మట్టితో చేసినవన్నీ తెలిసినట్లేనన్న ఆరంభ దృష్టాంతం వారికి బలం. అల్పజ్ఞుడైన జీవుడు సర్వజ్ఞుడెలా అవుతాడు? విరుద్ధ లక్షణాలు వదిలి చైతన్యాన్నే తీసుకోమని అద్వైతుల జవాబు.

మధ్వులు ‘ఆత్మా, అతత్ త్వమసి’ అని విడదీస్తారు: నీవు అది కావు. సంధిలో రెండూ ఒకేలా వినిపిస్తాయి కనుక వ్యాకరణం అడ్డురాదు. దారానికి కట్టిన పక్షి అన్ని దిక్కులా ఎగిరి, చివరికి కట్టిన చోటికే చేరుతుంది; పక్షి వేరు, ఆధారం వేరు కదా అని వారి వాదం. ‘అక్షరం చొప్పించారు’ అని నవ్వి దాటేయడం అన్యాయం. పెద్దల తరగతిలో ఈ దృష్టాంతం పూర్తిగా చదివించాకే, నా మొగ్గు శంకరుల వైపని చెబుతాను.