బోరు మోటారు మొబైల్ కంట్రోలర్: ఒక వేసవి వాడిన తర్వాత నా సమీక్ష

నల్లగొండ జిల్లాలోని మా బత్తాయి తోటలో 5 హెచ్‌పీ త్రీఫేజ్ సబ్‌మెర్సిబుల్ మోటారు ఉంది. దాని స్టార్టర్ డబ్బాలో, ఆన్‌లైన్‌లో కొన్న ఒక మొబైల్ కంట్రోలర్‌ను బిగించి వేసవంతా వాడాను. సిమ్ వేసిన ఆ పరికరం ఇంటి నుంచే మోటారు వేయడానికీ, ఆపడానికీ పనికొస్తుంది. బోరులో నీళ్లు తగ్గి మోటారు ఉత్తగా తిరిగితే, అంటే డ్రై రన్ అయితే, తానే మోటారును ఆపేయడం దాని అసలు ఉపయోగం. ఆ పనిని అది ఇప్పుడు నమ్మకంగా చేస్తోంది. అయితే కొన్న మొదట్లో దాన్ని సెట్ చేసే వీలే లేకపోయింది, ఎందుకంటే యాప్‌లో మెనూలన్నీ చైనీస్‌లో ఉన్నాయి, భాష మార్చుకునే చోటు ఎక్కడా లేదు, అంకెల పక్కన ఆంప్స్ అని గాని సెకన్లు అని గాని లేదు. పెట్టెలో వచ్చిన కాగితంలో వైర్ల బొమ్మ తప్ప మరేమీ లేదు.

వేసే బటన్, ఆపే బటన్ రంగును బట్టి తెలిసిపోతాయి గనుక చాలామంది అంతటితో సరిపెట్టుకుంటారు. కానీ రక్షణకు సంబంధించిన అంకెలు తెలియకుండా మోటారును దానికి అప్పగించడం ప్రమాదం. అందుకే పెట్టె మీద ఉన్న వినియోగదారుల సేవా ఈమెయిల్‌కు ఇలా రాశాను:

“అయ్యా, మీ వద్ద కొన్న మోటారు కంట్రోలర్ మోడల్ సంఖ్య, ఆర్డర్ సంఖ్య, యాప్ వెర్షన్ కింద ఇస్తున్నాను, ప్రతి మెనూ తెర ఫొటోను జతచేస్తున్నాను. యాప్‌లో తెలుగు, హిందీ, ఇంగ్లీషు ఏదీ లేనందువల్ల డ్రై రన్, ఓవర్‌లోడ్ విలువలు ఏ గడిలో ఇవ్వాలో తెలియడం లేదు. నేను పంపిన ఫొటోల మీదే గడులకు వరుస సంఖ్యలు వేసి, ఒక్కో గడి దేనికి, అది ఆంప్సా, సెకన్లా, నిమిషాలా, ఫ్యాక్టరీలో పెట్టిన విలువ ఎంత, ఆటో మోడ్ ఎక్కడ ఆపాలి అన్నవి రాసి పంపండి. వీడియో లింకు వద్దు, స్టార్టర్ దగ్గర నిలబడి చదువుకునే కాగితం కావాలి. అది ఇవ్వలేకపోతే సరుకు వెనక్కి తీసుకుని డబ్బు తిరిగి ఇవ్వండి.”

2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలని, నెలలోపు పరిష్కరించాలని చివర గుర్తుచేశాను. మొదటి జవాబులో వాళ్లు అదే చైనీస్ యాప్ వీడియోను పంపారు. ఆ వీడియో నేను అడిగిన ఏ ప్రశ్నకు జవాబిస్తుందో చెప్పమని మళ్లీ రాసిన తర్వాత, నా ఫొటోల మీదే సంఖ్యలు వేసిన గైడు వచ్చింది. తెర ఫొటోలు జతచేయడం వల్లే ఈ పని జరిగిందని నా నమ్మకం. “యాప్ అర్థం కావడం లేదు” అని మాత్రమే రాస్తే దాటవేయడం వాళ్లకు సులువు.

గైడు చూశాక తెలిసిన ముఖ్య విషయం, డ్రై రన్ గడిలో ఫ్యాక్టరీ విలువ 2 ఆంప్స్ అని. మా ఎలక్ట్రీషియన్ క్లాంప్ మీటరు పెట్టి చూస్తే, నీళ్లు నిండుగా పోస్తున్నప్పుడు మోటారు ఫేజుకు సుమారు 9 ఆంప్స్ తీసుకుంటోంది. నీళ్లు అందనప్పుడు పంపు మీద బరువు తగ్గి కరెంటు పడిపోతుంది గాని, ఈ మోటారు నీళ్లు లేకుండా తిరిగినా 2 ఆంప్స్‌కు దిగదు. అంటే ఆ విలువతో వదిలేసి ఉంటే రక్షణ ఉన్నట్టు కనిపిస్తూనే మోటారు కాలిపోయేది. డ్రై రన్‌ను 6.5 ఆంప్స్‌కు, ఓవర్‌లోడ్‌ను 11కు, డ్రై రన్‌తో ఆగాక మోటారు మళ్లీ మొదలయ్యే వ్యవధిని గంటకు మార్చాము. ఆయన డెలివరీ గేటు వాల్వును కొద్ది సెకన్లు మూసి చూస్తే కరెంటు 6 దగ్గరికి దిగి కంట్రోలర్ మోటారును ఆపింది. అప్పుడే నాకు ధైర్యం వచ్చింది. ఇవి మా మోటారు అంకెలు, మీ మోటారుకు మీటరు పెట్టి కొలిచిన తర్వాతే విలువలు నిర్ణయించుకోవాలి.

కరెంటు రాగానే మోటారును తానే వేసే ఆటో మోడ్‌ను కూడా గైడు చూసే ఆపాను. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇస్తున్నందున, అవసరం లేకున్నా భూగర్భజలం తోడేసే ఆటో స్టార్టర్లను తీసేయమని రైతులను కోరారు. మా బోరు వేసవిలో ఆగి ఆగి నీళ్లు పోస్తుంది గనుక ఆ మాట మాకు మరింత వర్తిస్తుంది.

ఏప్రిల్, మే నెలల్లో కంట్రోలర్ చాలాసార్లు డ్రై రన్ గుర్తించి మోటారును ఆపింది, వైండింగుకు ఏమీ కాలేదు. లోపాలు లేవని కాదు. సిగ్నల్ లేని పూట ఆదేశం ఆలస్యంగా చేరుతుంది, యాప్ అప్‌డేట్ అయినప్పుడు గడుల వరుస ఒకసారి మారింది, అప్పుడు కొత్త తెర ఫొటోలు పంపి గైడును మళ్లీ అడగవలసి వచ్చింది. యాప్ ఇంకా చైనీస్‌లోనే ఉంది.

పరికరానికి మంచి మార్కులే ఇస్తాను, యాప్‌కు ఇవ్వను. కొనదలచిన రైతులు డబ్బు కట్టకముందే సెట్టింగుల తెర ఫొటో పంపమని విక్రేతను అడగండి. కొన్న తర్వాత జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు, అప్పుడు పంపిన ఈమెయిల్, తెర ఫొటోలు దగ్గర ఉంచుకోండి.