ఎలుక కరిచింది: కడిగి ఊరుకుంటే చాలా, ఆ రోజే డాక్టర్‌కి చూపించాలా?

ఎలుక కాటుకి మందు ఇంట్లో మొదలవుతుంది, చాలాసార్లు క్లినిక్‌లో పూర్తవుతుంది. ఈ రెండింట్లో ఒకటి చేసి రెండోది వదిలేసినప్పుడే ఇబ్బంది. కడగకుండా ఇంజెక్షన్ కోసం పరిగెత్తడం ఒక పొరపాటు. బాగా కడిగాం కదా అని టెటనస్ సంగతి మరిచిపోవడం ఇంకోటి.

ముందు గాయాన్ని చూద్దాం. ఎలుక ముందు పళ్లు సన్నగా, పొడవుగా ఉంటాయి. పైకి సూది గుచ్చినంత రంధ్రమే కనిపిస్తుంది కానీ లోపల అది లోతుగా ఉంటుంది. పైచర్మం ఒకటి రెండు రోజుల్లో మూసుకుపోతుంది, లోపలికి దిగిన క్రిములు అక్కడే ఉండిపోతాయి. అందుకే గాయం ఎంత చిన్నగా ఉందన్నది లెక్కలోకి తీసుకోకూడదు.

సబ్బు నీళ్లా, మందు నీళ్లా అని అడిగితే మొదటి ఓటు సబ్బు నీళ్లకే. ధారగా పడే శుభ్రమైన నీటి కింద గాయాన్ని పెట్టి, మామూలు సబ్బుతో, గడియారం చూసుకుని కనీసం 5 నిమిషాలు కడగాలి. కరిచింది ఎలుకేనని కచ్చితంగా తెలియకపోతే 15 నిమిషాలు. అంతసేపు ఎందుకంటే, ఇక్కడ పని చేసేది సబ్బు ఒక్కటే కాదు, పారే నీళ్లు కూడా. గాయంలోని మురికిని, లాలాజలాన్ని అవే బయటికి తోస్తాయి. రంధ్రం అంచులని వేళ్లతో కొద్దిగా విడదీస్తే నీళ్లు లోపలికి చేరతాయి. బ్రష్‌తో రుద్దకూడదు, గట్టిగా పిండకూడదు, నోటితో పీల్చకూడదు. కాస్త రక్తం కారితే కారనివ్వండి. కడిగాక కూడా ఆగకపోతే శుభ్రమైన గుడ్డతో 10 నిమిషాలు అదిమి పట్టుకోవాలి, మధ్యమధ్యలో తీసి చూడకూడదు. అప్పటికీ ఆగకపోతే డాక్టర్ దగ్గరికే.

పోవిడోన్ అయోడిన్ ఉంటే కడిగిన తర్వాత రాయొచ్చు, కడగడానికి బదులుగా కాదు. స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్ గాయం లోపల పోయవద్దు. నురగ వస్తే క్రిములు చస్తున్నాయని అనిపిస్తుంది కానీ మానాల్సిన కణాలు కూడా దెబ్బతింటాయి. పొడులు, పసరు ముద్దలు రంధ్రానికి మూత వేస్తాయి. ఆక్సిజన్ అందని చోటే టెటనస్ క్రిమి పెరుగుతుంది కాబట్టి అలా మూయడం దానికి సాయం చేసినట్టే. పైన పలుచటి గాజు గుడ్డ వదులుగా చుట్టి, రోజూ మార్చితే సరిపోతుంది.

ఇక టెటనస్. దెబ్బ తగిలిన ప్రతిసారీ ఒక ఇంజెక్షన్ వేయించుకోవాలన్నది ఒక అలవాటు, చిన్న గాయానికి అక్కర్లేదన్నది ఇంకో అలవాటు. రెండూ తప్పే. తేల్చేవి రెండు ప్రశ్నలు: జీవితంలో మొత్తం కనీసం 3 డోసులు పడ్డాయా? చివరి డోసు ఎప్పుడు? శుభ్రమైన చిన్న గాయమైతే చివరి డోసుకి 10 ఏళ్లు దాటితేనే బూస్టర్ కావాలి. జంతువు కాటు, లోతైన పోటు, మట్టి అంటిన గాయం అయితే ఆ గడువు 5 ఏళ్లే. ఎలుక కాటు ఈ రెండో వరసలోకి వస్తుంది.

ఒకే గాయం ముగ్గురికి తగిలిందనుకుందాం. రాత్రి నిద్రలో చూపుడు వేలి కొనమీద కరిచింది, రెండు సన్నటి రంధ్రాలు, రక్తం కడుగుతుండగానే ఆగిపోయింది. మొదటి మనిషికి చిన్నప్పటి డోసులన్నీ పడ్డాయి, చివరిది 3 ఏళ్ల కిందట. ఈయనకి ఇప్పుడు టెటనస్ ఇంజెక్షన్ అక్కర్లేదు. రెండో మనిషికీ డోసులన్నీ పడ్డాయి కానీ చివరిది 7 ఏళ్ల కిందట. ఈయనకి ఒక బూస్టర్ కావాలి, ఆ రోజో మర్నాడో వేయించుకోవాలి. మూడో మనిషికి ఎన్ని పడ్డాయో తెలియదు. తెలియకపోతే పడనట్టే లెక్క. ఈయనకి టీకా ఒక్కటే చాలదు. టీకా పడ్డాక శరీరం రక్షణ తయారు చేసుకోవడానికి రోజులు, వారాలు పడుతుంది. టెటనస్ మాత్రం గాయమైన 3 నుంచి 21 రోజుల్లో బయటపడగలదు. ఆ ఖాళీలో కాపాడేది టెటనస్ ఇమ్యునోగ్లోబ్యులిన్, అంటే ఆ రక్షణని తయారుగా అందించే ఇంజెక్షన్. మామూలుగా 250 యూనిట్లు, టీకాతోపాటే, వేరే సిరంజితో, శరీరంలో వేరే చోట ఇస్తారు. మిగిలిన టీకా డోసులు తర్వాత పూర్తి చేయాలి. ‘టీటీ వేయించుకున్నా, ఇక భయం లేదు’ అన్నమాట ఈ మూడో మనిషి విషయంలో నిజం కాదు. కనుక డోసుల సంగతి డాక్టర్‌కి ఉన్నదున్నట్టు చెప్పడం ముఖ్యం.

మొదటి మనిషి ఇంట్లోనే ఉండొచ్చా? ఆరోగ్యవంతుడైతే, కాటు పైపైనే ఉంటే, కడిగి కనిపెట్టుకుని ఉండొచ్చు. కానీ ముఖం మీద, వేలి కణుపు మీద కరిచినా, లోతుగా దిగినా టెటనస్ లెక్కతో పని లేకుండా ఆ రోజే వెళ్లాలి. పసిపిల్లలు, షుగర్ ఉన్నవాళ్లు, రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడేవాళ్లు, ప్లీహం తీసేసినవాళ్లు, గుండెలో కృత్రిమ కవాటం ఉన్నవాళ్లూ అంతే. షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లకి కరిచిన సంగతే తెలియదు, పొద్దున దుప్పటి మీద రక్తపు మరకే చెబుతుంది. ఇలాంటివాళ్లకి డాక్టర్ ముందుగానే కొద్ది రోజుల యాంటీబయాటిక్ ఇవ్వొచ్చు. అందరికీ అది అవసరం లేదు, ఇంట్లో మిగిలిన మాత్రలు మింగడం అసలే వద్దు.

రేబిస్ గురించి అడుగుతారు. ఎలుకల వల్ల మనుషులకి రేబిస్ రావడం దాదాపు లేదు, మామూలు ఎలుక కాటుకి ఆ టీకా సాధారణంగా వేయరు. చీకట్లో కరిచింది ముంగిసో గబ్బిలమో కావచ్చనిపిస్తే లెక్క పూర్తిగా మారిపోతుంది, వెంటనే వెళ్లాలి.

ఇంట్లో ఉండాలనుకుంటే మొదటి రెండు రోజులు గాయాన్ని చూడాలి. ఎర్రదనం అంచు చుట్టూ పెన్నుతో గీత గీసుకోండి, అది గీత దాటితే వెళ్లాల్సిందే. చీము పట్టినా, ఎర్రటి చార పైకి పాకినా అంతే. వేలంతా వాచి, వంగిన చోటే నిలిచి, చాచబోతే ప్రాణం పోయేంత నొప్పి పుడితే వేలిని కదిలించే స్నాయువు చుట్టూ ఉండే తొడుగులోకి చీము చేరిందని అనుమానించాలి. అప్పుడు గంటలు కూడా లెక్కే.

ఆ తర్వాత 3 వారాలు గాయాన్ని కాదు, ఒంటిని చూడాలి. ఎలుక కాటు జ్వరం సాధారణంగా 3 నుంచి 10 రోజుల మధ్య, గాయం మానిపోయాక మొదలవుతుంది: చలితో జ్వరం, తలనొప్పి, వాంతులు, కీళ్ల నొప్పులు, అరచేతుల్లో అరికాళ్లలో దద్దుర్లు. ఇంకో రకంలో మానిన గాయమే మళ్లీ వాచి పుండవుతుంది. పెన్సిలిన్‌తో నయమయ్యే జబ్బిది, పట్టించుకోకపోతే ప్రాణం తీయగలదు. వేలి మీద మచ్చ కూడా సరిగా కనపడదు కాబట్టి డాక్టర్‌కి ఎలుక కాటు తట్టదు. ‘ఆరు రోజుల కిందట ఎలుక కరిచింది’ అని రోగే చెప్పాలి. రక్తంలోని క్రిమిని పెంచి గుర్తుపట్టే కల్చర్ పరీక్షకి పంపితే ఆ మాట లాబ్‌కీ చేరాలి, ఎందుకంటే మామూలు కల్చర్ సీసాల్లో ఉండే ఒక రసాయనం ఈ క్రిమిని పెరగనివ్వదు.