ఎల్‌సీ మీద జీడిపప్పు ఎగుమతి: ఏళ్ల వాడకం తర్వాత నా అభిప్రాయం

మాది పర్లాకిమిడి. మా జీడిపప్పు విశాఖలో ఓడ ఎక్కుతుంది. ఎల్‌సీ అంటే, అందులో రాసినట్టు కాగితాలు ఇస్తే డబ్బు కడతానని కొన్నవాడి బ్యాంకు రాసిచ్చే హామీ. బయటి దేశాల కొత్త పార్టీలతో అది లేకుండా మేం సరుకు పంపం. పద్ధతి మంచిదే, కానీ బ్యాంకు పప్పు చూడదు, కాగితాలే చూస్తుంది. పప్పు ఎంత తెల్లగా ఉన్నా కాగితంలో తేడా కనబడితే డబ్బు ఆపేయొచ్చు.

మాకు తెలిసిన ఒక యూనిట్‌లో జరిగింది చెబుతాను. ఎల్‌సీలో డబ్ల్యూ320 రకం, 700 కార్టన్లు, ఒక్కోటి 22.68 కిలోలు అని ఉంది. విడతలుగా పంపడానికి వీల్లేదని కూడా రాసుంది. లోడింగ్ నాడు 5 కార్టన్లు తడిసి కనబడ్డాయి. వాటిని తీసేసి 695 పంపి, ఇన్వాయిస్ కూడా ఆ మేరకే వేశారు. ఎల్‌సీలకి బ్యాంకులు పాటించే అంతర్జాతీయ నియమాలైన యూసీపీ 600 ప్రకారం పరిమాణం 5 శాతం అటూ ఇటూ ఉండొచ్చు కదా అనుకున్నారు. ఆ సడలింపు ఉన్నమాట నిజమే కానీ, సరుకును కార్టన్ల లెక్కన గానీ, విడి వస్తువుల లెక్కన గానీ చెప్పిన ఎల్‌సీకి అది వర్తించదు. అదే ఎల్‌సీలో ఉత్త 15,876 కిలోలు అని ఉంటే 113 కిలోల తరుగు ఎవరికీ పట్టేది కాదు.

అవతలి బ్యాంకుకి కాగితాలు అందిన మర్నాటి నుంచి 5 పనిదినాలు గడువు ఉంటుంది. తిరస్కరించాలంటే ఆలోపే, తప్పులన్నీ ఒకే నోటీసులో చెప్పాలి. వీళ్లకి చివరి రోజున నోటీసు వచ్చింది. తేదీ, స్పెల్లింగ్ లాంటివైతే గడువులోగా దిద్ది మళ్లీ ఇవ్వొచ్చు. ఓడెక్కిన సరుకు లెక్కని ఏం దిద్దుతారు? కొన్నవాడు ఒప్పుకుంటే బ్యాంకు తీసుకోవచ్చు. ఆ ఒప్పుకోలుకి వాడు రేటు తగ్గించమన్నాడు. టెన్షన్ అంతా అక్కడే. తడిసినవి తీయగానే ఓడ ఎక్కించకుండా ఎల్‌సీకి సవరణ అడిగి ఉంటే సరిపోయేది.

రెండోది తేదీలు. షిప్‌మెంట్ తేదీ అంటే సరుకు ఓడ ఎక్కిన తేదీ, కంటైనర్ పోర్టు గేటు దాటిన తేదీ కాదు. ఓడ కంపెనీ ఇచ్చే సరుకు రసీదు, అంటే బిల్ ఆఫ్ లేడింగ్‌లో "సరుకు అందింది" అని మాత్రమే ఉంటే, దాని మీద ఆన్ బోర్డ్ ముద్ర, దాని తేదీ లేకపోతే తిరస్కరిస్తారు. ఎల్‌సీలో వేరేగా లేకపోతే అక్కడి నుంచి 21 రోజుల్లో కాగితాలు ఇవ్వాలి, అదీ ఎల్‌సీ గడువు తీరకముందే. బరంపురం బ్యాంకుకి మేం వారంలోనే ఇచ్చేస్తాం, దిద్దుకోవడానికి రోజులు మిగలాలి కదా.

ఇప్పుడు ఎల్‌సీ తెరవకముందే దాని చిత్తు కాపీ తెప్పించుకుంటాం. పరిమాణం కిలోల్లో రాయించడం, విడతల షిప్‌మెంట్‌కి అనుమతి పెట్టించడం మా మొదటి షరతులు. కొన్నవాడు కాస్త గొణుగుతాడు, అయినా రాస్తాడు.