బరువు 56 కిలోలే, మరి నీళ్ళెక్కడివి? ఐదేళ్ళు వాడాక బాడీ వాటర్ మెషీన్ గురించి నా మాట

నేను డయాలసిస్ యూనిట్‌లో డైటీషియన్‌ని. మా దగ్గరికి ఈ మెషీన్ వచ్చి ఐదేళ్ళు దాటింది. పేషెంట్ దాని మీద నిలబడి రెండు పిడులు పట్టుకుంటే చేతుల దగ్గర నాలుగు, పాదాల కింద నాలుగు ఎలక్ట్రోడ్ల గుండా చాలా తక్కువ కరెంటు పోతుంది. రెండు చేతులు, రెండు కాళ్ళు, మొండెం విడివిడిగా కొలిచి ఒక షీట్ ఇస్తుంది. అందులో ఒంట్లో కొవ్వెంత, కండ ఎంత అని బోలెడు వివరాలు ఉంటాయి కానీ, నేను ముందు చూసేది ECW/TBW అన్న ఒక్క గడినే. కణాల బయట ఉన్న నీటిని ఒంట్లోని మొత్తం నీటితో భాగిస్తే వచ్చే అంకె అది.

మెషీన్ ఈ రెండింటినీ వేరు చేసే పద్ధతి తేలికగానే అర్థమవుతుంది. తక్కువ ఫ్రీక్వెన్సీ కరెంటు, అంటే 5 కిలోహెర్ట్జ్ లాంటిది, కణం గోడను దాటలేదు. బయటి నీళ్ళలోంచే దారి చూసుకుంటుంది. 250, 500 కిలోహెర్ట్జ్ కరెంటు గోడ దాటి లోపలి నీళ్ళలోంచి కూడా పోతుంది. మొదటిది చెప్పే నిరోధం నుంచి బయటి నీటిని, రెండోదాని నుంచి మొత్తం నీటిని లెక్క కడుతుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళలో ఈ నిష్పత్తి 0.380 దగ్గర తిరుగుతుంది. షీట్ మీద 0.390 దాటితే కొంచెం ఎక్కువ అనీ, 0.400 దాటితే నీరు చేరిందనీ చూపిస్తుంది.

కొత్తలో నేను మూడో దశాంశాన్ని పట్టించుకునేదాన్ని కాదు. 0.394 అయితే ఏమిటి, 0.404 అయితే ఏమిటి అనుకునేదాన్ని. ఒకరోజు కాగితం మీద లెక్క వేశాక భయం పట్టుకుంది. మొత్తం 32 లీటర్ల నీరు, అందులో బయటిది 12.6 లీటర్లు ఉన్న మనిషికి నిష్పత్తి 0.394. అది 0.404 కావాలంటే బయట అర లీటరు పైచిలుకు నీరు చేరితే చాలు. లేదా చుక్క నీరు కూడా చేరకుండా, కండ కరిగి కణాల లోపలి నీరు 800 మిల్లీలీటర్లు తగ్గినా అదే 0.404 వస్తుంది. మొదటివాళ్ళకు నీరు తీయాలి, రెండోవాళ్ళకు తిండి పెట్టాలి. అంకె మాత్రం ఇద్దరికీ ఒకటే.

ఈ రెండూ ఒకే మనిషిలో కలిసి వచ్చిన కేసు చెబుతాను. ఆయనకు 58 ఏళ్ళు. డయాలసిస్ అయ్యాక 56 కిలోలు ఉండాలని డ్రై వెయిట్ పెట్టాం. మొదటి షీట్‌లో మొత్తం నీరు 32.0, లోపలిది 19.4, బయటిది 12.6. తర్వాత న్యుమోనియా వచ్చి మూడు వారాలు మంచం పట్టారు. తిరిగి వచ్చాక కూడా డయాలసిస్ అయ్యాక సరిగ్గా 56 కిలోలే. అంతా బాగుందనే అనుకున్నాం. కానీ బీపీ మాత్రం 160కి పైనే ఉంటోంది, మందు పెంచినా దిగడం లేదు.

షీట్ తీస్తే మొత్తం నీరు మళ్ళీ 32.0. బయటిది మాత్రం 13.3, లోపలిది 18.7. నిష్పత్తి 0.416. ఆయన షీట్ చూసి, "బరువు అదే ఉందిగా మేడమ్, ఇంకా నీళ్ళేంటి?" అన్నారు. మంచంలో ఉన్నప్పుడు కండ కరిగిపోయింది, ఆ ఖాళీని నీళ్ళు పూడ్చేశాయి, త్రాసుకి ఆ తేడా తెలియదు. కాళ్ళు 0.424, మొండెం 0.415, కుడి చెయ్యి 0.388. కింది భాగంలో ఎక్కువగా ఉండి చేతుల్లో తక్కువగా ఉండటం కూడా నీరు చేరిందనే మాటనే బలపరిచింది. డాక్టర్ గారు డ్రై వెయిట్‌ని ఒక్కసారిగా కాకుండా 300 గ్రాముల చొప్పున నాలుగు వారాల్లో 54.8కి దించారు. మధ్యలో ఒక సిట్టింగ్‌లో పిక్కలు పట్టేసి కేకలు పెట్టారు, ఆ వారం ఆపాం. చివరికి బయటి నీరు 12.2, మొత్తం 30.8, నిష్పత్తి 0.396. బీపీ 140కి వచ్చింది. లోపలి నీరు మాత్రం 18.6 దగ్గరే ఉండిపోయింది. నీళ్ళు తీసినంత మాత్రాన కండ తిరిగి రాదు కదా. ఆ పని రోజూ రెండు గుడ్ల తెల్లసొనతో, ఇంట్లో నడకతో మొదలుపెట్టాం.

అందుకే నిష్పత్తి ఒక్కటే చూసి ఎవరైనా మాట్లాడితే నాకు చిరాకు. పక్కనే లీటర్లు ఉంటాయి, అవి చూడాలి. ఆ తర్వాత ఏ భాగం పెరిగిందో చూడాలి. రెండు కాళ్ళూ పెరిగితే గుండె, కిడ్నీ, లివర్ వైపు ఆలోచిస్తాం. ఒక్క కాలో ఒక్క చెయ్యో పెరిగితే అది అక్కడి సమస్యే: రొమ్ము ఆపరేషన్ తర్వాత చేతి వాపు కావచ్చు, మన కోస్తాలో అయితే బోదకాలు కావచ్చు. ఇక్కడ నేనొకసారి తప్పులో కాలేశాను. ఒకావిడకి ఎడమ చెయ్యి కుడిదానికన్నా 0.010 ఎక్కువ ఉందని కంగారుపడి డాక్టర్‌ని పిలిచాను. ఆయన ఆ చేతి వైపు చూపించి నవ్వారు. డయాలసిస్ సూదుల కోసం ధమనిని సిరకు కలిపి చేసే ఫిస్టులా ఉన్నది ఆ చేతికే! రక్త ప్రవాహం ఎక్కువగా ఉండే చేతిలో బయటి నీరు కూడా ఎక్కువ కనిపిస్తుంది. ఇప్పుడు షీట్ మూల ముందుగా ఫిస్టులా చెయ్యి ఏదో రాసుకుంటాను.

కొలిచే తీరు విషయంలో ఈ మెషీన్ బాగా సతాయిస్తుంది. డయాలసిస్ దిగగానే కొలిస్తే నీరు ఇంకా సర్దుకోదు, అందుకని అరగంట కూర్చోబెడతాం. మడమలు పగిలి ఎండిపోయి ఉంటే ఎర్రర్ చూపిస్తుంది, తడి టిష్యూతో తుడిచి మళ్ళీ ఎక్కించాలి. చంకలు, తొడలు ఆనుకుంటే కరెంటు అడ్డదారి పడుతుంది, మధ్యలో పొడి గుడ్డ పెడతాం. మెట్టెలు తీయమంటే పెద్దవాళ్ళు ఒప్పుకోరు, నేనూ బలవంతపెట్టను. ప్రతిసారీ ఒకేలా ఉంటే చాలు. పేస్‌మేకర్ ఉన్నవాళ్ళని మాత్రం దగ్గరికి కూడా రానివ్వను.

దీని అసలు లోపం పొట్ట దగ్గర ఉంది. మొండెం లావుగా, పొట్టిగా ఉంటుంది కాబట్టి దాని నిరోధం 25 ఓమ్‌ల దగ్గర ఉంటే, సన్నగా పొడుగ్గా ఉండే చేతిది 300 దాకా ఉంటుంది. ఆ చిన్న అంకెలో వచ్చే మార్పు లెక్కలో సరిగా కనబడదు. లివర్ చెడి పొట్ట నిండా నీరున్న పేషెంట్‌కి ఆ నీరు తీయకముందు, తీశాక కొలిచాం. లీటర్ల కొద్దీ నీరు పోయినా నిష్పత్తి పెద్దగా కదలలేదు. పొట్ట విషయంలో నేను దీన్ని నమ్మను, స్కానే నమ్ముతాను.

ఇంకో మాట, 0.390 కిందికి దించి తీరాలన్న పట్టుదల వద్దు. మా దగ్గర 74 ఏళ్ళ మామ్మ గారు ఉన్నారు, 41 కిలోలు. మొత్తం నీరు 20.8, బయటిది 8.4, నిష్పత్తి 0.404. షీట్ ఎర్రగా అరుస్తుంది. కానీ కాళ్ళు నొక్కితే గుంట పడదు, డయాలసిస్ చివర్లో బీపీ 100కి జారిపోతుంది. ఆవిడలో బయటి నీరు ఎక్కువ కాదు, లోపలిది తక్కువ. కొత్తగా వచ్చిన డ్యూటీ డాక్టర్ ఆ షీట్ చూసి అర కిలో దించుదామన్నాడు. దించిన రోజు ఆవిడ కుర్చీలోంచి లేవలేక, "నన్నెందుకమ్మాయ్ ఇలా పిండేస్తారు" అంది. మర్నాడు డ్రై వెయిట్ మళ్ళీ 41కే పెట్టారు. రెండేళ్ళుగా ఆవిడ నిష్పత్తి 0.400కి అటూ ఇటూగానే ఉంది, నడిచే వస్తోంది.